మూడు పాఠాలకు ఒక రోజు

అన్న పోయి ఎనిమిది నెలలైనప్పుడు వదిన పది పరీక్ష రాస్తానంది. ఓపెన్ స్కూల్లో. పెళ్లికి ముందు ఏడో తరగతి దాకా చదివింది. అన్న గల్ఫ్ నుంచి పెట్టెలో వచ్చాడు. రాత్రి పడుకున్నవాడు తెల్లారి లేవలేదని కాగితంలో రాసి ఉంది. అంతకు మించి మాకేమీ తెలియదు. ఆ రోజుల్లో మా ఇంటికి వచ్చిన వాళ్లు చాలా మంచి మాటలు చెప్పారు. ఒక్కటీ నాకు గుర్తు లేదు. పెట్టె మీద కొట్టిన మేకులు ఎన్నో మాత్రం గుర్తుంది.

కోరుట్లలో మా ఇంట్లో అప్పుడు నలుగురం. అమ్మ, వదిన, వదిన నాలుగేళ్ల కూతురు, నేను. నేను ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. వదిన బీడీలు చేసేది. మా వైపు ఆడవాళ్లలో ఆ పని చేయని వాళ్లు తక్కువ. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన ఆకు, తంబాకు, దారం. పొద్దు ఎక్కింది మొదలు దిగేదాకా చేతులు ఆగవు.

పరీక్ష ఎందుకో అమ్మకు తెలుసు, నాకూ తెలుసు. వదిన పుట్టిల్లు బోయినపల్లి. ఆమె అన్న సిరిసిల్లలో బట్టలు కుట్టే షెడ్డులో పని చేస్తాడు. అక్కడ కుట్టిన బట్టను చూసి బాగున్నదీ లేనిదీ వేరు చేసి రాసే పనికి పది పాసైన ఆడవాళ్లను తీసుకుంటున్నారని కబురు పెట్టాడు. పాసైతే వదిన పిల్లను తీసుకుని సిరిసిల్ల వెళ్లిపోతుంది. అన్న గుర్తుగా మాకు మిగిలింది ఆ పిల్ల ఒక్కతే. కనుబొమలు, నడిచేటప్పుడు ఎడమ కాలు కొంచెం లోపలికి వేయడం, అన్నీ వాడివే.

అందుకే అమ్మ మొదటి రోజే వదిన మీదికి లేచింది.

"నా కొడుకు పోయి ఏడాది దిరగలే. నీకు పుస్తకాలు కావల్సి అచ్చినయా?"

"చదువుకుంటే గాయనకేం నొప్పి అత్తా? ఉన్నన్ని రోజులు చదువుకో చదువుకో అని ఫోన్ల జెప్పెటోడు గాయనే."

"ఫోన్ల ఏం జెప్పిండో నాకేం ఎర్క? నీకే చెప్పిండు, నువ్వే ఇన్నవు."

"మరి పంతులమ్మనడుగు. నీ బిడ్డనే గదా. లెక్కలు జెప్పేదే గదా."

వదిన నన్ను పంతులమ్మ అనేది. పెళ్లై వచ్చిన కొత్తలో సరదాకి అనేది. అన్న పోయాక అదే మాట వేరే గొంతుతో అనేది. మా ఇద్దరి మధ్య ఎప్పుడూ పెద్ద స్నేహం లేదు. ఆ ఎనిమిది నెలల్లో ఉన్నది కూడా పోయింది. వాడిని మళ్లీ వెళ్లమన్నది ఆమే అని నేను అనుకున్నాను. వెళ్తానంటే ఆపనిది నేనే అని ఆమె అనుకుంది. ఇద్దరం పైకి అనలేదు. అన్నం గిన్నె కింద పెట్టే చప్పుడులో అనుకున్నాం.

అమ్మ చివరికి ఒక మాట చెప్పింది. ఆలస్య రుసుముతో పరీక్ష ఫీజు కట్టడానికి ఆఖరి గడువు ఆ వారమే ఉంది. జగిత్యాల వెళ్లి కట్టాలి.

"నా బిడ్డ లెక్క తీస్తది. పరీక్షనాటికి గా చదువు అయితదంటే పోయి కట్టుకో. కాదంటే పుస్తకాలు సంచిల ఏసి అటక మీద పెట్టు. మళ్ల నా ముందట గా ముచ్చట తేవద్దు."

"సరే," అంది వదిన. "లెక్కకు నేను కట్టుబడి ఉంట. పంతులమ్మ లెక్కల అవద్దమాడదు."

ఆమె ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు. అది నాకప్పుడే తెలుసు.

ఆదివారం పొద్దున గోడ క్యాలెండర్ కింద పీట వేసుకుని కూర్చున్నాను. వదిన అయిదు పుస్తకాలూ తెచ్చి నా ముందు పేర్చింది. పాఠాలు లెక్కపెట్టాను. అయిదు పుస్తకాలకూ కలిపి డెబ్భై రెండు. ఆమె అప్పటికే మాకు చెప్పకుండా పన్నెండు రోజులుగా సాయంత్రాలు చదువుతోంది. తొమ్మిది పాఠాలు పూర్తయ్యాయంది. ప్రశ్నలు అడిగాను. నిజంగానే పూర్తయ్యాయి.

డెబ్భై రెండులో తొమ్మిది పోతే అరవై మూడు. పన్నెండు రోజులకు తొమ్మిదంటే నాలుగు రోజులకు మూడు. అరవై మూడులో మూళ్లు ఇరవై ఒకటి. ఇరవై ఒకటి నాలుగుల ఎనభై నాలుగు రోజులు. ఫీజు గడువు ముగిసిన మర్నాటి నుంచి పరీక్ష మొదటి రోజు దాకా క్యాలెండర్ మీద వేలు పెట్టి లెక్కపెట్టాను. నూట అయిదు రోజులున్నాయి.

మిగిలింది పునశ్చరణ. చదివింది మరిచిపోకుండా మళ్లీ చూసుకోవడానికి విడిగా ఉంచే రోజులు. మా బడిలో ప్రతి ఏటా జూన్‌లో హెడ్‌మాస్టరు మాతో ఇదే లెక్క రాయించేవాడు. పాఠాలెన్ని, ఎంత వేగం, ఎన్నాళ్లు. దానికి అయిదు పాఠాలకు ఒక రోజు చొప్పున పునశ్చరణ కలపాలి. ఏళ్ల తరబడి ఆ లెక్క మీదే నడిచాం. తక్కువ పడిందీ లేదు, ఎక్కువ మిగిలిందీ లేదు. డెబ్భై రెండు పాఠాలకు అయిదుకొకటి అంటే పద్నాలుగు పైన కొంచెం, పదిహేను రోజులు. ఎనభై నాలుగు, పదిహేను, తొంభై తొమ్మిది. నూట అయిదులోపే. ఇంకా ఆరు రోజులు మిగులుతాయి.

ఈ లెక్క నేను కాగితం మీద రాయలేదు. మనసులో అయిపోయింది. పెన్ను చేతిలోనే ఉంది. పిల్ల గడపలో కూర్చుని చెప్పులు ఎడమది కుడికి, కుడిది ఎడమకి వేసుకుంటోంది.

కాగితం మీద ఇలా రాశాను. మూడు పాఠాలకు ఒక రోజు. డెబ్భై రెండుకు ఇరవై నాలుగు. ఎనభై నాలుగు, ఇరవై నాలుగు, నూట ఎనిమిది.

"మూడు రోజులు తక్కువ పడుతున్నాయి," అన్నాను.

అమ్మ ఊపిరి వదిలింది. వదిన కాగితం తీసుకుని చూసింది. వేలు ఇరవై నాలుగు దగ్గర ఆగింది.

"గీ ఇరవై నాలుగేంది?"

"మళ్లీ చూసుకునే రోజులు."

"గన్ని కావాల్నా?"

"కావాలె. బడి ఇడిచి ఎన్నేండ్లయె నీకు. ఊకెనే మర్సిపోతవు."

ఆ చివరి మాటలో కొంత నిజం ఉండవచ్చని తరువాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆ క్షణాన నేను ఆలోచించింది అది కాదు.

వదిన కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. "మల్ల, నేను జర జల్ది చదివితె?"

"చదువుతే అయితది. ఎట్ల చదువుతవ్? పగలంతా బీడీలాయె."

"రెండు దినాలు టైమియ్యి."

ఎదురింటి రేకుల పందిరి కింద ఏడుగురు ఆడవాళ్లు కూర్చుని బీడీలు చేసేవాళ్లు. వదిన వాళ్లలో ఒకతి. ఇంకొకామె ఇంటర్ దాకా చదివింది. భర్త మస్కట్‌లో ఉంటాడు. రెండో రోజు మధ్యాహ్నం నేను బడి నుంచి త్వరగా వచ్చేసరికి ఆమె చాట పక్కన పెట్టి సైన్సు పుస్తకం గట్టిగా చదువుతోంది. ఏడుగురిలో మిగతా ఆరుగురూ బీడీలు చేస్తూ వింటున్నారు. వదిన వేళ్లు దారం చుడుతున్నాయి, పెదవులు కదులుతున్నాయి.

పొలాల్లో మా దగ్గర బదులు అని ఒక పద్ధతి ఉంది. ఇవాళ నేను నీ చేనుకు వస్తాను, రేపు నువ్వు నా చేనుకు రా. వదిన దాన్ని బీడీలకు పెట్టింది. పాఠం చదవడానికి గంటన్నర పడుతుంది. ఆ గంటన్నరలో చదివే ఆమెకు నూటయాభై బీడీలు తగ్గుతాయి. మిగతా అయిదుగురూ తలా ముప్పై చేసి ఆమె చాటలో వేస్తారు. బదులుగా వదిన పొద్దున్నే ఆ ఆరుగురి ఆకు కత్తిరించి పెడుతుంది. కత్తెర పట్టడంలో ఆమెను మించినవాళ్లు ఆ వాడలో లేరు.

"రక్తప్రసరణ అంటె ఏందే?" అని ఒకామె అడిగింది.

"నీ మొగడు దుబాయికెల్లి ఫోన్ జేస్తె నీ మొకం ఎర్రగైతది సూడు, గదీ," అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు. చదివే ఆమెతో "మల్లొకపారి సదువక్కా గది," అంది.

ఆ సాయంత్రం వదిన నా దగ్గరికి వచ్చింది. పగలు విన్న పాఠానికి సాయంత్రం జవాబులు రాస్తే రోజుకొక పాఠం అవుతుందని చెప్పింది. పాత కాగితం వెనక ఆమే రాసింది. పాఠాలు అరవై మూడు, రోజుకొకటి, అరవై మూడు రోజులు. దానికి పునశ్చరణ ఇరవై నాలుగు. మొత్తం ఎనభై ఏడు. నూట అయిదులో పద్దెనిమిది రోజులు మిగులుతాయి.

"నువ్వు చెప్పిన ఇరవై నాలుగు తగ్గియ్యలే," అంది. "గదాంట్ల చెయ్యి పెట్టలే."

నేను కాగితం చూశాను. కూడికలో తప్పు లేదు. తప్పు ఇంకో చోట ఉంది. అది చూడగానే కనిపించింది. బీడీల ఇళ్లలో రోజు అంటే ఆకు ఇచ్చిన రోజు. మాకు ఆకు, తంబాకు ఇచ్చి బీడీలు తీసుకునే టేకేదారు వారానికి అయిదు రోజులే ఆకు ఇచ్చేవాడు. మిగతా రెండూ ఖాళీ. నెలకెన్ని రోజులు పని అంటే కూడా ఆకు రోజులే చెప్తారు. ఆ ఖాళీ రోజుల్ని వాళ్లు రోజులుగా లెక్కించరు. ఖాళీ రోజున పందిరి కింద ఎవరూ ఉండరు, పాఠం ఉండదు. పైగా పసుపు తవ్వకం మొదలవుతోంది. ఖాళీ రోజుల్లో చీకటితో లేచి ఇబ్రహీంపట్నం వైపు కూలికి పోతే మళ్లీ చీకటి పడ్డాకే ఇల్లు. ఆమె అరవై మూడు రోజులు క్యాలెండర్‌లో పన్నెండు వారాల మూడు రోజులవుతాయి. ఎనభై ఏడు. దాని మీద ఇరవై నాలుగు పెడితే నూట పదకొండు, ఆరు రోజులు తక్కువ.

నేను అది చెప్పలేదు. "సరిపోతుంది," అన్నాను అమ్మతో.

ఎందుకలా అన్నానో రాయడం కష్టమే. ఆదివారం ఒక అబద్ధంతో ఆపబోయాను. ఇప్పుడు నిజం చెబితే ఆపవచ్చు. కానీ ఆ నిజం చెప్పాలంటే లెక్క మళ్లీ మొదటి నుంచి చూడాలి, ఇరవై నాలుగు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమె మళ్లీ అడుగుతుంది. అందుకని ఊరుకున్నాను. మధ్యలో ఆమే ఆగిపోతుందని, అప్పుడు ఎవరూ ఎవరినీ అడగరని అనుకున్నాను.

వదిన జగిత్యాల వెళ్లి ఫీజు కట్టి వచ్చింది. అమ్మ ఆ రోజు అన్నం తినలేదు.

వదిన ఒక్క పాఠానికి ఒక్క గీత చొప్పున గోడ మీద బొగ్గుతో గీసింది. అమ్మ ఆ గోడ వైపు చూసేది కాదు. ఇంట్లో మాటలు తగ్గాయి. అమ్మ పిల్లతోనే అన్నీ చెప్పించేది. "మీ అమ్మకు చెప్పు, పొయ్యి మీద పాలు పొంగుతున్నయని." పొయ్యికి రెండడుగుల దూరంలోనే వదిన ఉండేది.

నలభై రెండో రోజున వదిన గీతలు లెక్కపెట్టింది. నేను బడికి తయారవుతున్నాను.

"ముప్పయ్యే ఉన్నయి," అంది. "నలబై రెండుండాలె."

నేను టిఫిన్ డబ్బాకు మూత పెట్టాను.

"రోజు తప్పలే నేను. ఆకు ఇచ్చిన ఒక్క రోజు ఇడువలే." తర్వాత ఆమే ఆగింది. మొహంలో లెక్క జరగడం కనిపించింది. "ఆకు ఇచ్చిన రోజులు. గదే గదా? ఖాళీలు నేను లెక్కకు తీస్కోలే."

"ఊ."

"నీకు ఎర్కే గదా? నేను కాయిదం తెచ్చిన్నాడే ఎర్కే."

"ఎర్కే."

ఆమె చేతిలోని చాటను గోడకేసి కొట్టింది. తంబాకు గదంతా పడింది. అమ్మ లోపలి నుంచి వచ్చింది.

"ఏమైంది?"

"నీ బిడ్డనడుగు. నన్ను బాయిల తోసి ఒడ్డుకు కూసుండి సూస్తున్నది."

"నోరు మంచిగ పెట్టుకో."

"నా నోరేం జేసె అత్తా? మీ ఇంట్ల నోరున్నోళ్లెవరు? అందరు సల్లగ సంపెటోళ్లే."

తరువాత కింద కూర్చుని, ఏడవకుండా, వేళ్ల మీద లెక్క చేసింది. పాఠాలు ముప్పై మూడున్నాయి. వారానికి అయిదు. ఆరు వారాలకు ముప్పై, ఇంకో మూడు రోజులకు మూడు. నలభై అయిదు రోజులు. పరీక్షకు అరవై మూడున్నాయి. మిగిలేవి పద్దెనిమిది. కావలసింది ఇరవై నాలుగు. ఆరు రోజులు తక్కువ.

"నువ్వే గెలిసినవ్, పంతులమ్మా," అంది.

ఆ రోజు ఆమె పందిరి కిందికి పుస్తకం పట్టుకుపోలేదు. మర్నాడు కూడా. అయిదు పుస్తకాలూ సంచిలో వేసి మూతి కట్టింది. చదివే ఆమె వచ్చి అడిగితే, మాట మీద నిలబడాలి కదా అంది. లెక్క కాదంటే మానేస్తానని మొదట్లో ఒప్పుకున్నాను, లెక్క కాదంటున్నది అంది. అమ్మ రెండు రోజులూ కడుపు నిండా తిన్నది. పిల్లను పక్కలో వేసుకుని పడుకుంది.

నాకు కావలసింది అదే. అది జరిగింది. అయినా రెండో రోజు బడిలో తొమ్మిదో తరగతికి నిష్పత్తుల పాఠం చెబుతూ బోర్డు మీద రాసిన అంకె ముందు ఆగిపోయాను. పిల్లలు కదలకుండా చూస్తున్నారు. నేను ఇరవై ఏళ్లుగా చేసింది ఒకటే పని. సరైన అంకె రాయడం. అన్న మీద ప్రేమతో నేను చేసింది, వాడి భార్యకు తప్పుడు అంకె ఇవ్వడం.

ఇంటికి వెళ్లగానే చెప్పాను. అమ్మ ముందరే చెప్పాను. లేకపోతే చెప్పేదాన్ని కానేమో.

"వదినా, మూడుకొకటి కాదు. అయిదుకొకటి. బడిలో ఎప్పుడూ మేం అయిదుకొకటే పెడతం. డెబ్బై రెండు పాఠాలకు పదిహేను రోజులు చాలు. నీకు పద్దెనిమిది మిగులుతున్నయి. రెండు రోజులు పుస్తకం ముట్టకపోతివి గని, రేపు, ఎల్లుండి రెండేసి పాఠాలు చదివితె అందుకుంటవు. లెక్క చెడలే."

ఆమె వేళ్ల మీద మళ్లీ లెక్క వేసుకుంది.

"అంటె మొదలే అయితుండె."

"మొదలే అయితుండె. తొంబై తొమ్మిది. ఆరు దినాలు మిగులుతుండె."

"పిల్ల కోసం."

"పిల్ల కోసం."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. దగ్గరికి వచ్చి నా మొహంలోకి చూసి, "నీ అన్న నీ గురించి చెప్తుంటె నాకు కుళ్లు వుట్టేది," అంది. "మా చెల్లె అవద్దమాడదు, మా చెల్లె లెక్క తప్పదు. సచ్చిపొయ్యి బతికిపోయిండు. నువ్వు గిట్ల జేసింది సూడలే."

సంచి మూతి విప్పింది.

అమ్మ నా వైపు తిరిగింది. "మరి ఎందుకు జెప్పినవే? గట్లనే ఉండనియ్యకపోయినవా? నా కొడుకును నీళ్లల్ల కలిపిన, గిప్పుడు వాని బిడ్డను కూడ పంపియ్యుమంటవా?"

మిగతా పాఠాలు నలభై అయిదు రోజుల్లోనే పూర్తయ్యాయి. పునశ్చరణ మొదలుపెట్టబోతుండగా అన్న సంవత్సరీకం వచ్చింది. మూడు రోజులు ఇంట్లో పుస్తకం కనపడవద్దని అమ్మ అంది. అది పగతోనే అంది. లెక్కలో ఎక్కువగా ఉన్నవి ఆ మూడు రోజులేనని ఆమెకు తెలియదు, వదినకు తెలుసు.

"గా మూడు రోజులు గాయనయే," అంది వదిన. "నీయి గావు అత్తా."

మూడు రోజులు వంట చేసింది, వచ్చినవాళ్లకు విస్తళ్లు వేసింది. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. నాలుగో రోజు పొద్దున్నే సంచి తీసింది. పదిహేను రోజులు అయిదు పుస్తకాలను మూడేసి రోజుల చొప్పున మళ్లీ చూసింది. లెక్కల పుస్తకంలో అర్థం కానివి ఉన్నాయి. నన్ను అడగలేదు. పందిరి కింద చదివే ఆమెను అడిగింది, ఆమెకూ రాకపోతే వదిలేసింది.

పరీక్షలు జగిత్యాలలో రాసింది. రోజూ పొద్దున బస్సుకు వెళ్లి సాయంత్రం వచ్చేది. ఎలా రాశావని ఇంట్లో ఎవరూ అడగలేదు. ఫలితాల్లో పాసైంది. లెక్కల్లో గట్టెక్కడానికి కావలసినన్ని మార్కులే వచ్చాయి.

సిరిసిల్ల వెళ్లే రోజు ఆమె అన్న వచ్చాడు. అమ్మ లోపలి గదిలో గోడ వైపు తిరిగి పడుకుంది. పిల్లను లోపలికి పంపితే, "పో బిడ్డా, పో," అని మాత్రం అంది. నేను బస్టాండ్ దాకా సంచి మోశాను. వదిన వద్దనలేదు. బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక మాట్లాడింది.

"దసరకు పిల్లను పంపుత. నువ్వే రావాలె, మీ అమ్మ రాలేదు గంత దూరం. పది రోజులు ఉంచుకోండ్రి. తీస్కపో, తెచ్చియ్యి. గని మా ఇంట్లకు రాకు. గేటు కాడ నిలబడు, నేనే తోల్కచ్చి ఇస్త."

"సరే," అన్నాను.

ప్రతి దసరాకూ వెళ్తాను. గేటు దగ్గర నిలబడతాను. పిల్ల ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది. తల్లి దాని చేయి పట్టుకుని తెచ్చి గేటు ఇవతల వదిలి, తిరిగి ఏ రోజు తేవాలో చెప్పి లోపలికి పోతుంది. ఆమె చెప్పిన రోజుకు ఒక్కసారి కూడా నేను ఆలస్యం కాలేదు.